పవర్ బ్యాంకు అసలు కెపాసిటీ యూఎస్‌బీ మీటరుతో కొలిస్తే 20,000లో 6,950 మాత్రమే చూపిస్తోంది. మోసమా, నా కొలతలో తప్పా?

వంశీ_నెల్లూరు

అందరికీ నమస్కారం. నెల క్రితం కొన్న 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఇది. యూఎస్‌బీ మీటరు మధ్యలో పెట్టి రెండు ఫోన్లు మార్చి మార్చి చార్జ్ చేశాను. బ్యాంకు ఆగిపోయేసరికి మీటరులో 6,950 ఎంఏహెచ్ అని ఉంది. అంటే రాసినదాంట్లో మూడో వంతు. డబ్బా వెనకాల చిన్న అక్షరాల్లో 3.7 వోల్టులు, 74 వాట్ అవర్లు అనీ, దాని కిందే రేటెడ్ కెపాసిటీ 12,000 అనీ ఉంది. ఆ 12,000 కూడా రాలేదు. వాపసు ఇవ్వడానికి ఇంకా నాలుగు రోజులే గడువుంది. ఇవ్వాలా, ఉంచుకోవాలా?

రాజేష్_కేపీహెచ్‌బీ

బ్రదర్, సింపుల్ లెక్క. ఏ బ్యాంకైనా రాసినదాంట్లో 60 శాతం వస్తే మంచిదే. లోపల సెల్ 3.7 వోల్టులు, బయటికి వచ్చేది 5 వోల్టులు, అందుకే తగ్గుతుంది. 20,000కి 12,000 రావాలి. నీకు 6,950 వచ్చిందంటే 35 శాతం కూడా లేదు. లోపల సగం సెల్సే ఉన్నాయి. ఆలోచించకుండా రిటర్న్ పెట్టెయ్.

సోల్డర్_సుబ్బు

ఆగండి వంశీ గారూ, అప్పుడే రిటర్న్ పెట్టకండి. రాజేష్ గారి 60 శాతం లెక్క తప్పు కాదు, కానీ అది బయటికి 5 వోల్టులే వచ్చినప్పటి మాట. మీవి ఫాస్ట్ చార్జింగ్ ఫోన్లయి ఉంటాయి. అవి బ్యాంకుని 9 వోల్టులు అడిగి తీసుకుంటాయి. వోల్టులు పెరిగితే అదే పనికి ఎంఏహెచ్ అంకె తగ్గిపోతుంది. 5 వోల్టుల దగ్గర 12,000 చూపించే బ్యాంకే 9 వోల్టుల దగ్గర 6,500, 7,000 మధ్యలో చూపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం ఒకటే.

అందుకే పవర్ బ్యాంకు కొలతలో ఎంఏహెచ్ అంకెని పక్కన పెట్టాలి. చూడాల్సింది వాట్ అవర్లు. మీ మీటరులో ఎంఏహెచ్ పక్కనే గానీ, బటన్ నొక్కితే వచ్చే రెండో పేజీలో గానీ Wh అని ఒక అంకె ఉంటుంది. అదెంతుందో చెప్పండి.

వంశీ_నెల్లూరు

రెండో పేజీలో ఉంది సుబ్బు గారూ. 58.9 Wh.

సోల్డర్_సుబ్బు

అయితే ఇదీ లెక్క:

```
20000 × 3.7 ÷ 1000 = 74 Wh
58.9 ÷ 74 × 100   = 79.6 %
58.9 ÷ 6.950      = 8.47 V
```

మూడో వరస చూడండి. సగటున 8.47 వోల్టులు వెళ్లాయి. అంటే ఎక్కువ సేపు 9 వోల్టుల దగ్గరా, ఫోన్ నిండే ముందు కాసేపు 5 వోల్టుల దగ్గరా నడిచిందన్నమాట. సెల్సులో ఉన్న 74లో 58.9 బయటికి వచ్చాయి. మరీ గొప్పగా లేదు గానీ సగం సెల్స్ ఉన్న బ్యాంకుకి ఈ అంకె రాదు.

మంచి బ్యాంకుకి నేను పెట్టుకునే అంచనా ఇది. 5 వోల్టులు, 1 ఆంప్ దగ్గర 85 నుంచి 90 శాతం. 2 ఆంప్స్ దగ్గర 80 నుంచి 87. ఇంకా గట్టిగా లాగితే మరో నాలుగైదు తగ్గొచ్చు. 75 లోపు వస్తే ముందు కొలతని అనుమానించాలి, తర్వాత బ్యాంకుని.

మీ కొలతలో రెండు లోపాలున్నాయి. ఫోన్లు లోడుగా పనికిరావు. వాటి కరెంటు నిమిషానికోలా మారుతుంది, చివర్లో బొత్తిగా తగ్గిపోతుంది, మార్చే మధ్యలో బ్యాంకు ఊరికే ఆన్‌లో ఉండి లోపల్లోపల తినేస్తుంది. రెండోది, మొదలుపెట్టేముందు బ్యాంకు నిజంగా నిండిందా? నాలుగు లైట్లు వెలిగితే నిండినట్టు కాదు.

డల్లాస్_కిరణ్

ఇదే ప్రశ్న నాకూ ఉంది. వచ్చే నెల హైదరాబాద్ వస్తున్నాం. 74 వాట్ అవర్లంటే ఫ్లైట్‌లో రానిస్తారా? 20,000 అంటే ఆపేస్తారని ఎవరో అన్నారు.

పద్మజ_ఈసీఈ

కిరణ్ గారూ, వంశీ అడుగుతున్నది ఫ్లైట్ గురించి కాదండీ. అయినా చెప్తాను. 100 వాట్ అవర్ల లోపు ఉన్నది చేతి సామానులో తీసుకెళ్లొచ్చు. చెక్-ఇన్ సూట్‌కేసులో మాత్రం పెట్టకూడదు. 3.7 వోల్టుల లెక్కన 27,000 ఎంఏహెచ్ దాకా ఆ హద్దులోకే వస్తుంది. వాళ్లు చూసేది లేబుల్ మీద అచ్చయిన వాట్ అవర్ అంకె, మన మీటరు రీడింగ్ కాదు. ఆ అచ్చు చెరిగిపోతే ఇబ్బంది, అందుకని దాన్ని కాపాడుకోండి. విమానం లోపల వాడనిస్తారా లేదా అనేది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతోంది, టికెట్ తీసుకున్న కంపెనీ పేజీలో చూసుకోండి.

వంశీ, సుబ్బు గారు చెప్పినదానికి ఇంకొక మాట. మీటరు ఎక్కడ పెట్టారు? బ్యాంకు పోర్టులో నేరుగా గుచ్చారా, కేబుల్ చివర ఫోన్ దగ్గరా? సన్నటి కేబుల్‌కి రానూపోనూ కలిపి 0.15 ఓమ్ ఉందనుకోండి, 2 ఆంప్స్ లాగితే అందులోనే 0.3 వోల్టులు పోతాయి. 5 వోల్టుల్లో అది 6 శాతం. మీటరు కేబుల్ తర్వాత ఉంటే ఆ 6 శాతం బ్యాంకు ఖాతాలో పడుతుంది. పాపం బ్యాంకు ఇచ్చింది, కేబుల్ తినేసింది.

వంశీ_నెల్లూరు

మీటరు బ్యాంకు పోర్టులోనే గుచ్చాను మేడమ్. చార్జింగ్ సంగతి మాత్రం నాలుగో లైటు ఆగి వెలిగింది కదా అని తీసేశాను. ఫోన్లు కాకపోతే లోడుగా ఏం పెట్టాలి? ఎలక్ట్రానిక్ లోడు కొనేంత అవసరం నాకు లేదు.

సోల్డర్_సుబ్బు

కొనక్కర్లేదు. 4.7 ఓమ్, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్లు మూడు తెచ్చుకోండి. తెల్లగా, పొడుగ్గా సుద్దముక్కలా ఉంటాయి, రేడియో రిపేరు సామాన్ల కొట్లో దొరుకుతాయి. హైదరాబాద్ వాళ్లయితే కోఠి గుజరాతీ గల్లీలో ఏ కొట్లో అడిగినా ఇస్తారు. ఒకటి పెడితే దాదాపు 1 ఆంప్, రెండు పక్కపక్కన కలిపితే దాదాపు 2 ఆంప్స్ వస్తుంది.

పాడైన పాత కేబుల్ ఒకటి తీసుకోండి, పెద్ద ప్లగ్ ఉండేది. ప్లగ్ నుంచి జానెడు వదిలి కోసేయండి. ఎరుపు, నలుపు తీగలు రెసిస్టరు రెండు కాళ్లకి సోల్డర్ చేయండి. ఆకుపచ్చ, తెలుపు తీగల్ని విడివిడిగా టేపు చుట్టి వదిలేయండి.

బ్యాంకు పెద్ద పోర్టునే వాడండి. టైప్-సి పోర్టుకి ఉత్త రెసిస్టరు పెడితే వోల్టే రాదు. అవతల వైపు 5.1 కిలో ఓమ్ గుర్తు కనబడితేనే అది తలుపు తీస్తుంది. ఈ సంగతి తెలియక సి పోర్టు చచ్చిపోయిందని ఇక్కడ ఇదివరకు రెండు మూడు చర్చలు నడిచాయి. పెద్ద పోర్టుకి ఆ పట్టింపు లేదు, బటన్ నొక్కితే 5 వోల్టులు ఇచ్చేస్తుంది. పైగా రెసిస్టరుకి 9 వోల్టులు అడగడం చేతకాదు, కాబట్టి మొదట్నించీ చివరిదాకా 5 వోల్టులే నడుస్తుంది.

ఒక జాగ్రత్త. రెండు రెసిస్టర్లు కలిసి 10 వాట్ల వేడి ఇస్తాయి, ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మంచం మీదా, చెక్క బల్ల మీదా వద్దు. టైల్స్ పలక మీద పెట్టండి, పక్కన కాగితం, గుడ్డ లేకుండా చూడండి. ఆరు గంటల పని ఇది, ఇంట్లో మనిషి మెలకువగా ఉన్నప్పుడే మొదలుపెట్టండి.

పద్మజ_ఈసీఈ

మొదలుపెట్టే ముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకో వంశీ. ఈ మీటరు బ్యాంకు ఇచ్చే కరెంటుతోనే బతుకుతుంది. బ్యాంకు ఆగగానే మీటరు కూడా ఆరిపోతుంది. చివరి అంకె దాచుకునే మీటర్లు ఉన్నాయి, సున్నా అయిపోయేవీ ఉన్నాయి. ఐదు నిమిషాలు లోడు నడిపి, ప్లగ్ పీకి మళ్లీ గుచ్చి, అంకె అక్కడే ఉందో లేదో చూసుకో. పోతుంటే చివరి గంటలో ఫోన్ కెమెరాని టైమ్‌లాప్స్‌లో మీటరు ఎదురుగా పెట్టాలి. దాచుకునే మీటరైతే ఇంకో సంగతి గుర్తుంచుకో. పాత అంకె మీదే కొత్తది కూడుకుంటూ పోతుంది, అందుకని ప్రతి కొలతకీ ముందు సున్నా చెయ్యాలి.

నింపడం విషయంలో లైట్లు వదిలెయ్. మీటరుని చార్జరు కేబుల్‌కీ బ్యాంకుకీ మధ్య పెట్టి కరెంటు చూడు. నాలుగో లైటు ఆగాక కూడా చాలా బ్యాంకుల్లో ఇంకాసేపు కరెంటు వెళ్తూనే ఉంటుంది. 0.05 ఆంప్ కిందికి దిగేదాకా ఉంచు. తర్వాత ఒక గంట ఊరికే వదిలేసి అప్పుడు లోడు పెట్టు.

వోల్ట్_07

అందరూ మీటరు చెప్పిందే వేదంలా తీసుకుంటున్నారు. చవక మీటర్లకి సున్నా దగ్గరే తేడా ఉంటుంది. లోడు ఏమీ పెట్టకుండా మీటరుని బ్యాంకులో గుచ్చి చూడండి. కొన్ని 0.02 ఆంప్ చూపిస్తాయి. లేని కరెంటు అది. 12 గంటల కొలతలో అదే 240 ఎంఏహెచ్ అవుతుంది. తక్కువ ఆంప్స్‌తో ఎక్కువ సేపు కొలిస్తే ఫలితం బాగుందనిపించేది సగం ఈ దొంగ అంకె వల్లే.

సోల్డర్_సుబ్బు

ఈ మాట నిజం. సున్నా తేడా ఎంతో రాసుకుని చివర్లో గంటలతో గుణించి తీసేయాలి. సగం అన్నది మాత్రం ఎక్కువే.

ఇమ్రాన్_గుంటూరు

సుబ్బన్నా, నాదీ ఒకటి చూడు. 10,000 అని రాసిన బ్యాంకు, బస్టాండు దగ్గర కొన్నది, పేరూ ఊరూ లేని కంపెనీ. నా దగ్గర 4.7 ఓమ్ ఒకటే ఉంది. దాంతో 1 ఆంప్ దగ్గర 21.4 వాట్ అవర్లు వచ్చాయి. 37 రావాలి కదా లెక్క ప్రకారం. అంటే 58 శాతం. కొట్టువాడిని అడిగితే, "లోపలి సర్క్యూట్‌లో లాస్ ఉంటది, సెల్స్ మాత్రం ఫుల్" అంటున్నాడు. వాడు చెప్పేది నిజమేమో ఎలా తెలుస్తుంది? విప్పి చూడమంటావా?

సోల్డర్_సుబ్బు

విప్పొద్దు ఇమ్రాన్. పౌచ్ సెల్ మీద స్క్రూడ్రైవర్ మొన గీసుకుంటే చాలు, పొగ వస్తుంది, మంట వస్తుంది. విప్పకుండానే తేల్చే దారి ఉంది.

నువ్వు అడిగింది మంచి ప్రశ్న. బయటికి వచ్చిన అంకె ఒక్కటే చూస్తే సెల్స్ తక్కువున్నాయా, సర్క్యూట్ తినేస్తోందా అన్నది చెప్పలేం, రెండూ అందులోనే కలిసిపోయి ఉంటాయి. కానీ లోపలికి వెళ్లేదాన్ని కూడా కొలవొచ్చు కదా. బ్యాంకు పూర్తిగా ఆగిపోయేదాకా ఖాళీ చేసి, మీటరుని ఈసారి చార్జరు వైపు పెట్టి, సున్నా చేసి, కరెంటు 0.05 కిందికి దిగేదాకా నింపు. ఎన్ని వాట్ అవర్లు లోపలికి వెళ్లాయో చూడు.

పోసినదానికన్నా బిందెలో ఎక్కువ ఉండదు. నింపేటప్పుడు కూడా కొంత వేడిగా పోతుంది కాబట్టి, సెల్స్ నిజంగా 37 ఉంటే లోపలికి 41 నుంచి 44 దాకా వెళ్లి తీరాలి. 37 కన్నా తక్కువ వెళ్లిందంటే సర్క్యూట్ మీద ఎంత నెపం పెట్టినా కుదరదు, ఆ సెల్స్‌లో అంత చోటు లేనట్టే. బ్యాంకు ఆగాక కూడా సెల్‌లో అడుగున రెండు మూడు శాతం మిగిలి ఉంటుంది, అంతవరకే సందేహానికి తావు.

ఇమ్రాన్_గుంటూరు

చేశాన్నా. 27.5 వెళ్లాయి. రెండోసారి కూడా చేశా, 27.3.

సోల్డర్_సుబ్బు

అయితే తేలిపోయింది. సెల్స్ 27 దాటవు. నింపేటప్పుడు పోయేది తీసేస్తే 24, 25 మధ్య ఉంటాయి. 3.7తో భాగిస్తే ఇంచుమించు 6,600 ఎంఏహెచ్. బయటికి వచ్చిన 21.4ని ఆ 24.5తో పోల్చి చూడు, 87 శాతం. అంటే ఆ సర్క్యూట్ మంచిదే, తప్పంతా లేబుల్‌ది. కొట్టువాడు సరిగ్గా తలకిందులు చెప్పాడు.

రాజేష్_కేపీహెచ్‌బీ

ఇది నాకు తట్టలేదు. అయితే నా 60 శాతం లెక్కలో ఇమ్రాన్ బ్యాంకు ఎంత? 21.4ని 5తో భాగిస్తే 4,280 ఎంఏహెచ్, అంటే 10,000లో 43 శాతం. ఆ లెక్కలో కూడా పట్టుబడింది కదా. 5 వోల్టుల దగ్గర కొలిచేవాళ్లకి 60 శాతం పద్ధతి చాలు అనే నా మాట.

పద్మజ_ఈసీఈ

5 వోల్టుల దగ్గరే కొలిచామని ఖాయంగా తెలిస్తే చాలు రాజేష్. కానీ ఆ 60లో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయాయి. 3.7ని 5తో భాగిస్తే వచ్చే 74 శాతం నష్టం కాదు, ఉత్త అంకె మార్పు. లీటర్లలో ఉన్నది శేర్లలో చెప్పుకున్నట్టు. దాని మీద జరిగేదే అసలు నష్టం, 74లో 81 శాతం అంటే 60. ఎఫిషియెన్సీ 60 శాతం అని జనం రాస్తుంటే బ్యాంకు 40 శాతం వేడి చేసి పారేస్తోందనుకుంటారు. అలా పారేస్తే 10 వాట్లు బయటికి ఇచ్చేటప్పుడు లోపల 6 వాట్లకు పైగా వేడి పుట్టాలి. ఆ ప్లాస్టిక్ డబ్బాని చేత్తో పట్టుకోలేవు.

మూసిన డబ్బాని చూసి చెప్పడానికి బరువు కూడా పనికొస్తుంది. ఒక 18650 సెల్ 45 నుంచి 48 గ్రాములుంటుంది, మంచిదైతే 3,500 ఎంఏహెచ్ దాకా పడుతుంది. 50,000 అని రాసి 250 గ్రాములు తూగే బ్యాంకులు అమ్ముతున్నారు. ఆ లెక్కన సెల్సే 15 కావాలి, వాటి బరువే 650 గ్రాములు దాటాలి. తక్కువ తూగితే అబద్ధమని ఖాయం. సరిపడా తూగినంత మాత్రాన నిజమని మాత్రం చెప్పలేం, బరువు కోసం లోపల ఇంకేదో నింపినవీ బయటపడ్డాయి.

వంశీ_నెల్లూరు

రెసిస్టర్లు దొరికాయి. మీటరు అంకె దాచుకుంటోంది, చూసుకున్నాను. లోడు లేకుండా 0.011 ఆంప్ చూపిస్తోంది. మూడు రోజుల ఫలితాలు ఇవి.

రెండు రెసిస్టర్లతో సగటున 2.05 ఆంప్స్, 5.03 వోల్టులు. 5 గంటల 57 నిమిషాలకి ఆగింది. 12,190 ఎంఏహెచ్, 61.3 వాట్ అవర్లు. సున్నా తేడా తీసేస్తే 61.0.

వెంటనే నింపాను. లోపలికి 84.6 వాట్ అవర్లు వెళ్లాయి. పద్మజ మేడమ్ చెప్పినట్టు నాలుగో లైటు ఆగాక కూడా దాదాపు 40 నిమిషాలు కరెంటు వెళ్లింది.

ఒక రెసిస్టరుతో సగటున 1.05 ఆంప్, 12 గంటలకి పైన పట్టింది. 12,700 ఎంఏహెచ్, 64.3 వాట్ అవర్లు. సున్నా తేడా తీసేస్తే 63.6.

సోల్డర్_సుబ్బు

బాగా చేశారు. 2 ఆంప్స్ దగ్గర 61.0ని 74తో భాగిస్తే 82.4 శాతం. 1 ఆంప్ దగ్గర 63.6కి 85.9. లోపలికి 84.6 వెళ్లింది, 74 కన్నా హాయిగా ఎక్కువ. సెల్స్ రాసినంత ఉన్నాయని నమ్మొచ్చు.

ఆంప్స్ రెట్టింపు చేస్తే మూడున్నర శాతం తగ్గింది చూశారా, అది మామూలే. కరెంటు పెరిగే కొద్దీ సెల్ లోపలి రెసిస్టెన్స్‌లోనూ సర్క్యూట్‌లోనూ వేడి కరెంటు వర్గంతో పెరుగుతుంది. పైగా గట్టిగా లాగితే సెల్ వోల్టేజి త్వరగా కుంగి, సర్క్యూట్ కొంచెం ముందే ఆపేస్తుంది. రెండు లోడ్ల దగ్గర తేడా పది, పన్నెండు శాతం ఉంటే సెల్స్ పాతబడ్డాయనో, నాసిరకం సర్క్యూట్ అనో అనుమానించాలి. మీది అలా లేదు.

రిటర్న్ పెట్టాల్సిన పని లేదు.

వోల్ట్_07

ఫోన్లతో 79.6 వచ్చింది, రెసిస్టర్లతో 82.4. ఈ తేడా ఎందుకో ఎవరూ చెప్పలేదు. నా ఉద్దేశం, 3.7 నుంచి 9కి ఎత్తడం 5కి ఎత్తడం కన్నా కష్టం, అక్కడే పోయింది.

పద్మజ_ఈసీఈ

అయ్యుండొచ్చు. కానీ అప్పుడు బ్యాంకు పూర్తిగా నిండలేదు కదా, వంశీయే చెప్పాడు. చివరి 40 నిమిషాల్లో వెళ్లేది తక్కువే అయినా రెండు మూడు శాతం ఉంటుంది, మొత్తం తేడా అదే కావచ్చు. ఫోన్లు మార్చేటప్పటి వృథా ఒకటి. ఇంకొకటి, 9 వోల్టుల దగ్గర 18 వాట్లు లాగుతుంటే సెల్ మీద పడే భారం 5 వోల్టులు 2 ఆంప్స్ కన్నా దాదాపు రెట్టింపు. వోల్టేజి ఎత్తు వల్లా, వాట్లు ఎక్కువవడం వల్లా అన్నది విడదీయాలంటే 9 వోల్టుల దగ్గర కూడా 10 వాట్లే లాగి చూడాలి. దానికి 9 వోల్టులు అడిగి తెచ్చే ట్రిగ్గర్ బోర్డు కావాలి. అది లేకుండా ఈ మూడింట్లో ఏదని తేల్చలేం.

వంశీ, సుబ్బు గారూ, లేబుల్ విషయం మాత్రం ఇంకా తేలలేదు. అందులో రేటెడ్ 12,000 పక్కన ఏ ఆంప్స్ దగ్గరో రాసి ఉండాలి. చూడు.

వంశీ_నెల్లూరు

5V/3A అని ఉంది మేడమ్.

పద్మజ_ఈసీఈ

అదీ సంగతి. వాళ్లు మాటిచ్చింది 3 ఆంప్స్ దగ్గర. నువ్వు కొలిచింది 2 దగ్గర. 2 దగ్గర 12,190 వచ్చిందంటే 3 దగ్గర 12,000 రావడం అనుమానమే. మూడో రెసిస్టరు కూడా కలుపు.

సోల్డర్_సుబ్బు

కలపండి, కానీ ఆ కోసిన కేబుల్ 3 ఆంప్స్‌కి తట్టుకుంటుందో లేదో పది నిమిషాలకొకసారి ముట్టుకుని చూడండి. వెచ్చబడితే ఫర్వాలేదు, కాలుతుంటే ఆపేయండి. తీగ పొడుగు ఇంకా తగ్గించి, నాలుగు వేళ్లంత ఉంచితే మంచిది.

వంశీ_నెల్లూరు

అయింది. తీగ తగ్గించాను, వెచ్చబడింది అంతే. సగటున 2.94 ఆంప్స్, 4.96 వోల్టులు, సరిగ్గా 4 గంటలకి ఆగింది. 11,760 ఎంఏహెచ్, 58.3 వాట్ అవర్లు. సున్నా తేడా తీస్తే ఇంకో 0.2 తగ్గుతుంది. 12,000కి 240 తక్కువ.

రాజేష్_కేపీహెచ్‌బీ

240 అంటే 2 శాతం. వదిలెయ్ బ్రదర్, మీటరు తేడాలోనే పోతుంది అది.

వోల్ట్_07

మీటరు తేడా ఎక్కువ వైపు కూడా ఉండొచ్చు కదా. నిజంగా 11,500 కూడా కావచ్చు. మీటరు ఎంత నిజం చెప్తోందో తెలియకుండా 2 శాతం గురించి ఎటు మాట్లాడినా ఊహే.

పద్మజ_ఈసీఈ

నేను వోల్ట్ గారి వైపే. లేబుల్ అందుకుందని గానీ తప్పిందని గానీ ఈ అంకెతో చెప్పలేం. గదిలో ఫ్యాన్ తిరుగుతోందా, ఎంత వేడి ఉంది అన్నది కూడా 3 ఆంప్స్ దగ్గర కాస్త తేడా తెస్తుంది.

సోల్డర్_సుబ్బు

వంశీ గారూ, తెలిసినవాళ్ల దగ్గర ఇంకో కంపెనీ మీటరు దొరికితే రెండూ ఒకదాని వెనక ఒకటి గుచ్చి 2 ఆంప్స్ దగ్గర ఓ పది నిమిషాలు నడపండి. రెండింటి ఆంప్స్ పక్కపక్కన రాసుకోండి. వెనక ఉన్న మీటరు తినే 10, 20 మిల్లీ ఆంప్స్ కూడా ముందున్నదాంట్లో కలుస్తాయి, అందుకని స్థానాలు మార్చి మళ్లీ ఓ పది నిమిషాలు నడిపి సగటు తీయాలి. వోల్టులకైతే మామూలు మల్టీమీటరు చాలు, రెసిస్టరు దగ్గర కాదు, మీటరు వెనక పోర్టు పిన్నుల మీదే పెట్టి చూడండి. ఆంప్స్ కొలవడానికి మాత్రం మల్టీమీటరుని దారిలో పెట్టొద్దు, దాని లీడ్లలోనే వోల్టులు పడిపోయి కొలిచే కరెంటే మారిపోతుంది.

ఇమ్రాన్_గుంటూరు

వంశీ అన్నా, నెల్లూరులో మా బావ దగ్గర వేరే కంపెనీ మీటరుంది. ఆదివారం ఇప్పిస్తా, మెసేజ్ పెట్టాను చూడు.

వంశీ_నెల్లూరు

చూశాను ఇమ్రాన్, థాంక్స్. ఆదివారం రెండు మీటర్ల అంకెలూ ఇక్కడే పెడతాను. బ్యాంకు మాత్రం ఉంచేసుకుంటున్నాను.